2023-24 కాస్ట్ లాభం, ఆర్థిక పుస్తకాల లాభం: తేడాల వివరణ

ఎండీ గారికి,

తేదీ: 12 ఆగస్టు 2024

మొన్న మీటింగులో మీరు అడిగారు: "కాస్ట్ షీట్లలో మిల్లు లాభం కోటీ ఎనభై నాలుగు లక్షలు, ఆడిటర్ చేతిలో కోటీ నాలుగు లక్షలు. మిగతా ఎనభై లక్షలు ఎటు పోయాయి?" ఎటూ పోలేదు. దేనికెంత అనేది కింద పెట్టాను. అంకెలు లక్షల రూపాయల్లో, ఆదాయపు పన్నుకు ముందు లాభం లెక్కన.

| వివరం | కలపాలి | తీసేయాలి |
|---|---|---|
| కాస్ట్ రికార్డుల ప్రకారం లాభం | 184.60 | |
| ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్లు తక్కువ పడ్డాయి | | 26.40 |
| ఆఫీసు ఓవర్‌హెడ్లు ఎక్కువ పడ్డాయి | 6.50 | |
| అమ్మకాల ఓవర్‌హెడ్లు తక్కువ పడ్డాయి | | 2.90 |
| ప్రారంభ నూలు నిల్వ విలువలో తేడా | 2.10 | |
| ముగింపు నూలు నిల్వ విలువలో తేడా | | 8.40 |
| తరుగుదల తేడా | | 13.50 |
| సొంత గోడౌన్‌కు లెక్క కోసం వేసిన అద్దె | 6.00 | |
| బ్యాంకు వడ్డీ | | 48.70 |
| విరాళాలు | | 1.50 |
| జీఎస్టీ ఆలస్య రుసుము, వడ్డీ | | 0.35 |
| పాత కార్డింగ్ యంత్రం అమ్మిన లాభం | 4.20 | |
| డిపాజిట్లపై వడ్డీ | 3.10 | |
| మొత్తం | 206.50 | 101.75 |
| ఆర్థిక పుస్తకాల ప్రకారం లాభం | 104.75 | |

అన్నిటికంటే పెద్దది బ్యాంకు వడ్డీ. అప్పు తెచ్చి నడుపుతున్నామా, సొంత డబ్బుతోనా అన్నదాన్ని బట్టి కిలో నూలు తయారీ ఖర్చు మారదు కాబట్టి మనం దాన్ని కాస్ట్ షీట్‌లోకి రానివ్వం. విరాళాలు, జీఎస్టీ ఆలస్య రుసుము, యంత్రం అమ్మకం, డిపాజిట్ వడ్డీ కూడా అంతే. ఇవి నూలుతో సంబంధం లేనివి.

అసలు ఆలోచించాల్సింది మొదటి అంకె, 26.40. ఏడాదికి 2 కోట్ల 50 లక్షల స్పిండిల్ షిఫ్టులు నడుస్తాయని, ఓవర్‌హెడ్లు 637.50 లక్షలు అవుతాయని అనుకుని షిఫ్టుకు రూ. 2.55 రేటు పెట్టుకున్నాం. నూలుకు గిరాకీ పడిపోయినప్పుడు మూడో వంతు రింగు ఫ్రేములు, అంటే 8,000 స్పిండిళ్లు, దాదాపు 42 రోజులు ఆపాం. దాంతో 10 లక్షల షిఫ్టులు తగ్గి, నడిచింది 2 కోట్ల 40 లక్షలే. ఆ రేటున నూలు మీద పడిన ఓవర్‌హెడ్ 612.00, నిజంగా ఖర్చయింది 638.40. ఈ లోటులో 25.50 లక్షలు ఫ్రేములు ఆగినందువల్లే. ఎక్కువ ఖర్చు చేసినందువల్ల వచ్చింది 90 వేలే. ఫోర్‌మన్ల మీద కోప్పడాల్సిన పని లేదు. ఆగిన ఫ్రేముల ఖర్చును నడిచిన నూలు మీద రుద్దితే కిలో ధర పెరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మి మనం రేటు చెప్తే ఆర్డరు పోతుంది. అందుకే కాస్ట్ షీట్‌లో కలపకుండా ఇక్కడ చూపాను.

ముగింపు నిల్వలో తేడా 40ల కౌంటుది. 20 టన్నులు మార్చి 31న గోడౌన్‌లో ఉంది. మన తయారీ ఖర్చు కిలోకు రూ. 262, ఆ రోజు అమ్మితే చేతికొచ్చేది రూ. 220. కాస్ట్ రికార్డుల్లో తయారీ ఖర్చు మీదే ఉంచాం. ఆర్థిక పుస్తకాల్లో ఖర్చు, అమ్మకపు విలువ ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే పెట్టాలి. కిలోకు 42 చొప్పున 20,000 కిలోలకు 8.40. ప్రారంభ నిల్వది ఇదే కథ, పోయినేడాదిది. కాస్ట్ వైపు ప్రారంభ నిల్వ 2.10 ఎక్కువగా ఉంది, అంటే ఖర్చూ అంత ఎక్కువ, లాభం అంత తక్కువ. అందుకే అది కలిపే వైపుకి వెళ్లింది. పత్తి నిల్వలో తేడా ఏమీ లేదు, రెండు చోట్లా సగటు ధరే.

తరుగుదలకి కాస్ట్‌లో ఏటా సమానంగా, పుస్తకాల్లో తగ్గుతున్న విలువ మీద లెక్కిస్తున్నారు. రెండేళ్ల కిందట కొన్న ఆటోకోనర్‌కు మొదటి ఏళ్లలో పుస్తకాల తరుగుదల ఎక్కువ పడుతుంది, కాబట్టి ఈ తేడా ఏటా తగ్గుతూ, ఒకనాటికి అటు తిరుగుతుంది.

గోడౌన్ అద్దె గురించి నా అభిప్రాయం: నెలకు 50 వేల చొప్పున మనమే వేసుకున్న ఊహా ఖర్చు అది, ఎవరికీ కట్టలేదు. కొత్త ఏడాది నుంచి తీసేద్దాం. కాస్ట్ ఆడిట్ నివేదిక సీఆర్ఏ-3లో కూడా ఈ సర్దుబాటు చూపాల్సి వస్తుంది, కాస్ట్ ఆడిటర్ ప్రశ్న వేసేది ముందు దీని మీదే.

ఇంకో మాట. మొదట రెండు లాభాలు కుదరలేదు, సరిగ్గా 13 లక్షలు తేడా వచ్చింది. రెండు రోజులు బిల్లులు తిరగేసి చివరికి 13ని సగం చేసి చూస్తే 6.50. ఆఫీసు ఓవర్‌హెడ్‌ను కలపాల్సిన చోట తీసేశాం! కాస్ట్ షీట్లలో 96.00 పడింది, అయిన ఖర్చు 89.50. ఎక్కువ పడితే కాస్ట్ లాభం తగ్గి కనిపిస్తుంది, కాబట్టి కలపాలి. సరిచేశాక పైసాతో సహా కుదిరింది. అమ్మకాల ఓవర్‌హెడ్లది దీనికి వ్యతిరేకం: 54.20 పడితే 57.10 అయింది.

40ల కౌంటు నూలు ఈ నెలాఖరుకి అమ్మేస్తే వచ్చే త్రైమాసికంలో ఆ 8.40 మళ్లీ తలనొప్పి కాదు. రేటు ఎంతకు ఒప్పుకోవాలో మీరు చెప్తే అమ్మకాల విభాగానికి చెప్తాను.

ఇట్లు,
కాస్ట్ అకౌంటెంట్