56 మంది ఉన్న గదిలో నంబర్ టాక్: పద్మ మేడమ్ గారికి

పద్మ మేడమ్ గారికి నమస్కారం.

సోమవారం నుంచి 4వ తరగతి రెండు సెక్షన్లూ ఒకే గదిలో మీ దగ్గర ఉంటాయి. 56 మంది పిల్లలు, 14 బెంచీలు, బెంచీకి నలుగురు. లెక్కల పీరియడ్ మొదట్లో రోజూ 12 నిమిషాలు జరిగే, పిల్లలు మనసులోనే లెక్క చేసి ఎలా వచ్చిందో చెప్పుకునే నంబర్ టాక్‌ను ఆపకుండా కొనసాగించమని కోరుతూ, నడిపే తీరు రాస్తున్నాను.

ఇది మనకు అలవాటైన నోటిలెక్కల్లా కనిపిస్తుంది కానీ పని వేరు. నోటిలెక్కల్లో ముందు ఎవరు అరిస్తే వాళ్లది గెలుపు. ముందు బెంచీలోంచి జవాబు వినబడ్డాక మిగతా యాభై మందికి ఆలోచించే పని ఉండదు. పిల్లలు ఎక్కువయ్యేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అందుకే కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఒక్క దానికోసమే: అందరూ ఆలోచించేదాకా జవాబు గదిలో వినబడకూడదు.

ముందుగా పలకలు, నోటుపుస్తకాలు, పెన్సిళ్లు సంచుల్లో పెట్టించండి. లెక్కను బోర్డు మీద అడ్డంగా రాయండి: 38 + 25. నిలువుగా రాస్తే పిల్లల చెయ్యి దానంతటదే ఒకట్ల స్థానంలోకి పోతుంది, సంఖ్య మొత్తాన్ని చూడరు. రెండు నిమిషాలు మౌనం. జవాబు దొరికిన పిల్లలు చెయ్యి ఎత్తకూడదు, పిడికిలి గుండెకు ఆనించి బొటనవేలు పైకి పెట్టాలి. ఇంకో దారి దొరికితే ఇంకో వేలు తెరవాలి. చెయ్యి పైకి లేస్తే పక్కనున్న వాళ్లు కంగారుపడి ఆలోచన మానేస్తారు. గుండె దగ్గరి వేలు మీకు కనిపిస్తుంది, పక్కవాళ్లను తొందరపెట్టదు. మీరు నడవాలో చివరిదాకా ఒకసారి నడవండి, లేకపోతే ఆఖరి మూడు బెంచీల వేళ్లు కనబడవు. మూడొంతులకు పైగా వేళ్లు లేస్తే చాలు, మొత్తం 56 కోసం ఆగితే ముందు ముగించినవాళ్లు అల్లరి మొదలుపెడతారు. ఉత్తుత్తి వేళ్లు కొన్ని ఉంటాయి. నిలదీయకండి, తర్వాతి మెట్టులో అవే బయటపడతాయి.

ఆ మెట్టే బెంచీ మాట. ఇంత పెద్ద తరగతిలో అందరికీ నోరు తెరిచే అవకాశం దొరికేది ఇక్కడే. కాబట్టి సమయం చాలకపోయినా దీన్ని మాత్రం వదలకండి. నలుగురిలో ఇద్దరిద్దరు జత. గోడవైపు కూర్చున్నవాళ్లు ముందు చెప్పాలి, అర నిమిషం తర్వాత మీరు ఒక్క చప్పట్టు కొడితే రెండోవాళ్లు చెప్పాలి. జతలో ఒకరు రాకపోతే ముగ్గురిని కలపండి. జవాబు ఎంత అని కాదు, ఎలా వచ్చిందో చెప్పమనండి. మనది ఇంగ్లీష్ మీడియం అయినా తెలుగులోనో, లంబాడీలోనో, ఉర్దూలోనో చెప్పుకోనివ్వండి. ఆపాల్సినప్పుడు అరవకండి, చెయ్యెత్తి నిలబడండి, చూసినవాళ్లంతా చెయ్యెత్తి మాట ఆపాలి. ఇది కుదురుకోవడానికి మొదటి వారమంతా పడుతుంది. ఆ వారంలో లెక్కలు మరీ తేలికగా ఉంచండి.

వాళ్లు మాట్లాడుతుండగా మీరు రోజుకు మూడు బెంచీల దగ్గర నిలబడి వినండి. వారం తిరిగేసరికి 14 బెంచీలూ అవుతాయి. ఎవరు వేళ్ల మీద ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నారో, ఎవరు గాలిలో నిలువు కూడిక రాస్తున్నారో పేరు పక్కన ఒక ముక్క రాసుకుంటే చదువు, లెక్కల పునాది కోసం ఉన్న తొలిమెట్టు పీరియడ్‌లో ఎవరికి ఏం కావాలో తెలుస్తుంది. బోర్డు దగ్గర చెప్పే ముగ్గురినీ ఈ బెంచీల నుంచే తీసుకోండి, "నువ్వు చెప్తావా?" అని అక్కడే అడిగి పెట్టుకోండి. వెనక బెంచీ పిల్లలకు వంతు వచ్చే దారి ఇదే.

తర్వాత జవాబులన్నీ అడిగి, తప్పొప్పులు ముఖంలో కూడా చూపించకుండా వరసగా రాయండి. 38 + 25కి సాధారణంగా 63, 53, 513 వస్తాయి. 53 అంటే చేతిలో ఉంచుకున్న ఒకటి మరిచిపోయారు. 513 అంటే 3, 2 కలిపి 5, దాని పక్కన 13 పెట్టేశారు. అలా చెప్పిన పిల్లలకు 38, 25 అనేవి అంకెలే తప్ప సంఖ్యలు కావు. "40కి 30 కలిపితే ఎంత? దీని జవాబు దానికన్నా ఎక్కువుంటుందా, తక్కువుంటుందా?" అని తరగతిని అడగండి, 513 దానంతటదే చెరిగిపోతుంది.

ఇక పద్ధతులు. చెప్పేవాళ్లు బోర్డు పక్కకొచ్చి వెనక బెంచీల వైపు తిరిగి చెప్పాలి. మీరు మాటను రాయండి, తిరిగి చెప్పకండి. మీరు చెబుతారని తెలిస్తే పిల్లలు ఒకరి మాట ఒకరు వినరు. వినబడలేదంటే ఆఖరి బెంచీలో ఒకరిని, "తను ఏమంది?" అని అడగండి. రాసేటప్పుడు పేరు పెట్టండి: అఖిల పద్ధతి, ఇమ్రాన్ పద్ధతి. "వెరీ గుడ్" అనకండి, చప్పట్లు కొట్టించకండి. ఒకరికి మెప్పు పడగానే రెండో దారి చెప్పేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

రాతలో ఒక జాగ్రత్త. పిల్లలు చెప్పినట్టే రాసుకుంటూ పోతే 38 + 2 = 40 + 23 = 63 అయిపోతుంది. ఇది తప్పు, 38 + 2 అనేది 63కి సమానం కాదు. బీజగణితం దాకా ఈ అలవాటు వెంటాడుతుంది. బాణాలు వాడండి: 38 → 40 → 63, బాణాల మీద +2, +23.

తీసివేత వచ్చినప్పుడు ఎక్కువ సమయం పెట్టుకోండి, అసలు సరుకు అక్కడే ఉంది. 63 – 28కి 45 అన్నవాళ్లు 8లోంచి 3 తీశారు, పెద్ద అంకెలోంచి చిన్నది తీయడమే తీసివేత అనుకుంటున్నారు. 31 అన్నవాళ్ల ఆలోచన చాలావరకు సరైనదే: 28కి బదులు 30 తీస్తే 33, అక్కడ 2 కలపాల్సింది పోయి మళ్లీ తీసేశారు. సంఖ్యారేఖ గీసి 63 నుంచి 33కి ఒక్క గెంతు వేయించి, "తీయాల్సినదానికన్నా ఎక్కువ తీశామా, తక్కువ తీశామా?" అని అడగండి. కలపాలని పిల్లలే చెప్పాలి, మీరు చెప్పకండి. కిరాణా కొట్టువాళ్లు చిల్లర ఇచ్చినట్టు 28 నుంచి 30కి 2, అక్కణ్నుంచి 60కి 30, మరో 3, మొత్తం 35 అని పైకి లెక్కించే పిల్లలు కూడా ఉంటారు. ఆ పద్ధతిని తప్పక బోర్డు మీదకు తెండి.

ఎవరి నోటా నిలువు పద్ధతి తప్ప ఇంకేమీ రాకపోతే దాన్నీ రాసి, "చేతిలో ఉంచుకున్న ఈ 1 నిజానికి ఎంత?" అని అడగండి. మర్నాడు 99 + 47 లాంటిది ఇవ్వండి, నిలువుగా చేయడం కష్టమనిపించే లెక్క. మీ చిట్కా మాత్రం చెప్పకండి. అసలు ఏ దారీ రాకపోతే సంఖ్యలు పెద్దవైనట్టే, చిన్నవి చేయండి.

12 నిమిషాలు కాగానే, తేలకపోయినా ఆపేయండి. తేలని లెక్కను బోర్డు మూలన ఉంచితే భోజనం గంటలో దాని గురించే మాట్లాడుకుంటారు.

మొదటి మూడు రోజులూ చుక్కల కార్డులే. స్టీలు గ్లాసు అడుగు పెట్టి గీసి నల్లరంగు వేసిన చుక్కలు కాబట్టి ఆఖరి బెంచీకీ కనబడతాయి. మూడు సెకన్లు చూపించి తిప్పేయండి, ఎక్కువసేపు ఉంచితే ఒక్కొక్కటీ లెక్కపెడతారు. 7 చుక్కల కార్డుకు 4, 3 అనేవాళ్లుంటారు, 8లో ఒకటి తక్కువ అనేవాళ్లుంటారు. ఆ తర్వాత 8 + 7, 19 + 6, 28 + 7 ఈ వరసలో వెళ్లి రెండో వారంలో 38 + 25 ఇవ్వండి. తీసివేత మూడో వారం. 18 × 5 నెల తర్వాతే, అప్పటికి 20 × 5లోంచి 10 తీసేవాళ్లు, 9 × 10 చేసేవాళ్లు తయారవుతారు.

కార్డులు అల్మారా రెండో అరలో, నీలం ఫైల్లో ఉన్నాయి. బెంచీల వారీ పేర్ల కాగితం కూడా అందులోనే పెట్టాను. 9, 12 బెంచీల పిల్లలకు ఇంకా బోర్డు దగ్గర వంతు రాలేదు, సోమవారం వాళ్లతో మొదలుపెట్టండి.

మీ
రమణ