బిల్లుంది, బండి లేదు

మూడోసారి లెక్కపెట్టినా 358 కేసులే వచ్చినయి. కంప్యూటర్ మాత్రం 312 దగ్గరే ఆగింది. పక్కన ఎర్రటి గడిలో `Variance: +46`.

జడ్చర్ల శివారులోని ఆ పురుగుమందుల గోడౌన్‌కు బాలకిష్టయ్య సూపర్‌వైజర్. మార్చి 31 రాత్రి. తెల్లారి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే బిల్లులు కొట్టాలి. పన్నెండు లోపల ఓపెనింగ్ స్టాక్ ఫైల్ ఎక్కాలి. ఈ ఒక్క ఐటెమ్ తప్ప అన్నీ కుదిరినయి: ఇమిడాక్లోప్రిడ్, 250 మిల్లీ, కేసుకు 40 సీసాలు.

తగ్గితే ఎవరిని అడగాలో ఆయనకు తెలుసు. ఎక్కువైతేనే భయం. గోడౌన్‌ల మాల్ ఊరికే పెరగదు.

"సారూ, పిల్లలు పెట్టినట్టున్నయి" అన్నడు హమాలీ సాయిలు, నిచ్చెన మీంచే. ఎవరూ నవ్వలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన నిఖిత లాప్‌టాప్ తిప్పి చూపింది. "అడ్జస్ట్‌మెంట్ కొడితే సున్నా అయితది సార్. రెండు నిమిషాల పని."

"ఆగు బిడ్డా. బ్యాచ్‌లవారీగా తియ్యి."

పాత సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ అడిగేదే లేదు. ఐటెమ్ పేరు, సంఖ్య, అంతే. కొత్తది బ్యాచ్ లేకుండా ఒక్క కేసు కూడా తీసుకోదు. ఆ పట్టుదల మీద పది రోజులుగా ఆయన గొణుగుతనే ఉన్నడు. ఇప్పుడు అదే అక్కరకొచ్చింది. రెండు బ్యాచ్‌లు సరిపోయినయి. తేడా అంతా మూడోదాంట్లోనే ఉంది, డీ వరుసలో గోడవైపు ప్యాలెట్ల మీద.

డీ వరుసలో పేర్చిన కేసుల మీద సుద్దముక్కతో మూడు చోట్ల గీతలున్నయి. "20 షా", "15 క", "11 మ". రాత సేల్స్ ఆఫీసర్‌ది. ఆయన ఒకటి రాస్తే ఏడు లెక్క ఉంటది, అందుకే గుర్తుపట్టిండు. కూడితే నలభై ఆరు.

బిల్లుల కట్ట తీసిండు. 29, 30 తారీఖుల్లో షాద్‌నగర్, కల్వకుర్తి, మక్తల్ డీలర్ల పేర మూడు బిల్లులు. లారీ నంబర్ రాసే చోట ఖాళీ. గేటు రిజిస్టర్ తెరిచి ఆ రెండు రోజుల పేజీలు వేలుతో గీసుకుంట పోయిండు. అట్లాంటి మాల్ గేటు దాటనే లేదు.

ఏడాది ఆఖరుకు టార్గెట్ కోసం ముందు బిల్లు కొట్టుడు, సీజన్‌ల పత్తి పడ్డంక మాల్ ఎత్తుడు. ఈ దందా కొత్తదేం కాదు. పాత పద్ధతిలో జూన్‌ల చిట్టీ ఒకటి రాసి లారీ పంపిస్తే గడిచిపోయేది. కొత్తదాంట్లో బిల్లు లేకుండా గేటుపాసు రాదు. ఈ నలభై ఆరును మన స్టాక్‌ల కలిపితే రేపు ఇంకొకరికి అమ్ముడుపోతయి. జూన్‌ల డీలరొచ్చి నా మాలేదంటే చూపించనీకి ఏముంటది?

సేల్స్ ఆఫీసర్ ఫోనెత్తుతూనే మెత్తగ మాట్లాడిండు. "అన్నా, ఇవ్వాళ జర ఓపెనింగ్‌ల కొట్టెయ్యే. సీజన్‌ల నేను చూసుకుంట గద."

"డీలర్లకు ఎర్కేనా?"

"ఎర్కే, ఎర్కే."

నమ్మబుద్ధి కాలేదు. రాత్రి పదిన్నరకు ముగ్గురికీ తనే ఫోన్ చేసిండు. షాద్‌నగర్, కల్వకుర్తి వాళ్ళు ఒప్పుకున్నరు, మాల్ మాదే, మే ఆఖరున ఎత్తుతమన్నరు. మక్తల్ ఆసామి నిద్ర గొంతుతో, "ఏ మాల్ పటేలా? పోయినేటిదే ఇంకా దుకాణంల మూలుగుతాంది. నేనెప్పుడడిగిన?" అన్నడు.

మేనేజర్‌కు చెప్తే అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "బాలకిష్టయ్యా, రేపు గో-లైవ్. హెడ్డాఫీసు చూస్తది. ఎర్రగ కనిపియ్యొద్దు" అన్నడు.

"35 డీలర్ల మాలని వేరే పెడత సార్. ఆ 11 మాత్రం మన దగ్గర్నే ఉన్నయి, మనయే. బిల్లు రద్దు చేసేది అకౌంట్స్ వాళ్ళు."

"అది రేపు చూద్దాం. ఇయ్యాళ సున్నా చెయ్."

"సున్నా కాదు సార్, పదకొండు" అని ఫోన్ పెట్టేసిండు. పెట్టినంక చేతికి చెమట పట్టింది.

కస్టమర్ స్టాక్‌కు విడిగా లొకేషన్ పెట్టొచ్చని నిఖిత అన్నది, అమ్మకానికి దొరకకుండా బ్లాక్ చేసి. సాయిలు 35 కేసులను డీ వరుస చివరి ప్యాలెట్ల మీదికి మార్చి తాడు కట్టిండు. సుద్దరాత తుడిచి డీలర్ల పేర్లు, బిల్లు నంబర్లు కాగితం మీద రాసి అంటించిన్రు. మన స్టాక్ గడిలో 323 కొట్టింది నిఖిత. ఎరుపు పోలేదు: `Variance: +11`.

"రిమార్క్ తప్పనిసరి సార్, లేకుంటే ఫైల్ ఎక్కదు. ఏం రాయమంటరు?"

"బిల్లుంది, బండి లేదు. గంతే రాయి. కింద బిల్లు నంబరెయ్."