కొత్త కారుకు కవర్ నోట్ ఇవ్వాలని అభ్యర్థన

తేదీ: 14-07-2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,
మోటార్ ఇన్సూరెన్స్ విభాగం

విషయం: రిజిస్ట్రేషన్ పూర్తికాని కొత్త కారుకు 17-07-2025 నుంచి వర్తించేలా కవర్ నోట్ కోసం

అయ్యా,

నేను సొంత వాడకానికి ఒక పెట్రోల్ కారు కొన్నాను. డెలివరీ 17వ తేదీ, గురువారం ఉదయం. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడానికి డీలర్ ఇన్సూరెన్స్ వివరాలు అడుగుతున్నారు. పూర్తి పాలసీ తయారయ్యేలోగా కవర్ నోట్ ఇప్పించగలరు.

డీలర్: చైత్ర వీల్స్, సేల్స్ విభాగం
ఇన్వాయిస్ నంబరు: 1186, తేదీ 12-07-2025
ఎక్స్-షోరూమ్ ధర: రూ. 8,46,000
ఇంజిన్: 1197 సీసీ, 5 సీట్లు, తయారీ జూన్ 2025
చాసిస్ నంబరు చివరి ఆరు అంకెలు: 204817
ఇంజిన్ నంబరు చివరి ఐదు అంకెలు: 63092

మొత్తం 17 అక్షరాల చాసిస్ నంబరు, పూర్తి ఇంజిన్ నంబరు ఇన్వాయిస్ రెండో పేజీలో ఉన్నాయి. బండి మీద చెక్కిన నంబర్లతో నేనే సరిచూసుకున్నాను. దయచేసి ఇన్వాయిస్ చూసే ఎక్కించండి. ఒక్క అక్షరం తప్పినా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది, ఎండార్స్‌మెంట్ కోసం మళ్లీ మీ దగ్గరకే రావాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిన చోట ప్రస్తుతానికి 'కొత్త వాహనం' అని రాస్తే చాలు. పర్మనెంట్ నంబరు రాగానే ఆర్సీ కాపీ పంపుతాను.

కవర్ 17వ తేదీ అర్ధరాత్రి 00:00 గంటల నుంచే మొదలవ్వాలి. నోట్ తయారైన సమయం నుంచో, మర్నాటి నుంచో మొదలైతే షోరూమ్ నుంచి ఇంటికి వచ్చే దారిలో బండికి రక్షణ ఉండదు. నా టెన్షన్ అంతా అదే.

సొంత నష్టానికి ఏడాది, థర్డ్ పార్టీకి మూడేళ్లు కావాలి. ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కలపండి. లోన్ ఉంది కాబట్టి హైపోథికేషన్ గడిలో బ్యాంకు పేరు మంజూరు లేఖలో ఉన్నట్టే రాయాలి. పాత కారు అమ్మేశాను. దాని మీద వచ్చిన నో క్లెయిమ్ బోనస్ నిలుపుదల లేఖ జతచేశాను, ఆ తగ్గింపు సొంత నష్టం ప్రీమియంలో ఇవ్వగలరు.

ప్రీమియం చేరనిదే మీరు రిస్కు తీసుకోరని తెలుసు. అందుకే ఈ రోజే మొత్తం ఎంతో చెబితే రేపు మధ్యాహ్నంలోగా ఆన్‌లైన్‌లో కట్టి రసీదు పంపుతాను. కవర్ నోట్ ఒక కాపీ నాకు, ఒకటి డీలర్‌కు బుధవారం సాయంత్రంలోగా మెయిల్ చేయగలరు. డీలర్ ఫోన్, మెయిల్, జీఎస్టీ నంబర్లు ఇన్వాయిస్ పైభాగంలో ఉన్నాయి. కవర్ నోట్ గడువు 60 రోజులే కాబట్టి అసలు పాలసీ ఆలోపే అందేలా చూడగలరు.

జతచేసినవి: ఇన్వాయిస్, ప్రపోజల్ ఫారం, ఆధార్, పాన్ కాపీలు, లోన్ మంజూరు లేఖ, బోనస్ నిలుపుదల లేఖ. ఇన్వాయిస్‌లోనూ ఆధార్‌లోనూ నా పేరు ఒకేలా ఉంది.

ఇట్లు,
కె. మాధవి