విశాఖలో ఇంటికి పాలు, సరుకులు తెచ్చే మా యాప్‌కి సంక్రాంతి అప్‌డేట్ 4.6: స్టోర్ పాఠం, యాప్ లోపలి బ్యానర్లు

ప్లే స్టోర్‌కి

పెద్ద పండగకు కొత్తవి:
ఊరెళ్తున్నాం: నొక్కి, రోజులు చెబితే పాలు, కూరలు ఆగుతాయి. తిరిగొచ్చిన రోజు మళ్లీ వస్తాయి.
ముగ్గు: వరసకు ఎన్ని చుక్కలో పెద్ద అంకెల్లో. నెట్ అక్కర్లేదు.
భోగిపళ్ల పొట్లం: రేగుపళ్లు, బంతి రేకులు, చెరకు, శనగలు.
అమ్మానాన్నలకు: మీరు ఎక్కడున్నా విశాఖలో మీ ఇంటికి పండగ సరుకులు.
చివరి ఆర్డరు జనవరి 13 సాయంత్రం 6. కనుమ మాకు సెలవు.

యాప్ స్టోర్‌కి

పెద్ద పండగ వస్తే విశాఖలో సగం ఇళ్లకు తాళాలే. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల బస్సుల కోసం కాంప్లెక్సు కిక్కిరిసిపోతుంది. ఆ హడావిడిలో గ్యాస్ కట్టేశామా, తాళం పడిందా అని రెండుసార్లు చూసుకుంటాం గానీ, పాలు ఆపమని చెప్పడం మరిచిపోతాం. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు విరిగిపోయిన ప్యాకెట్లు. అందుకే ఈసారి అన్నిటికంటే ముందు చేసింది 'ఊరెళ్తున్నాం' బటన్. యాప్ తెరవగానే పైనే కనిపిస్తుంది. వెళ్లే రోజు, వచ్చే రోజు చెప్పండి, చాలు. ఆగిన రోజులకు డబ్బులు తీసుకోం. రెండు రోజులు ఎక్కువ ఉండమని అత్తయ్యగారు పట్టుబడితే అక్కడి నుంచే తేదీ మార్చుకోవచ్చు, ముందురోజు రాత్రి 9 లోపు.

ముగ్గు గురించి. చేతినిండా పిండి ఉన్నప్పుడు ఫోన్ తెర ఆరిపోతే ఎంత చికాకో మా ఇళ్లలోనూ చూశాం. ఇప్పుడు ముగ్గు తెరిచి ఉన్నంతసేపు తెర ఆరదు. 'చదువు' నొక్కితే వరసలు ఒక్కొక్కటిగా పైకి చదువుతుంది. మొదటిసారి వేసేవాళ్లు 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు ఉన్నదానితో మొదలుపెట్టండి: మధ్య వరసలో 7, దానికి రెండు వైపులా సందుల్లో 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు చక్కగా సరిపోతుంది. సొంత వాకిలి ఉన్నవాళ్లకు 15 నుంచి 8 వరకు వెళ్లేది ఉంది, 169 చుక్కలు. ఇద్దరు కలిసి వేయండి, నడుము నొప్పి సగం తగ్గుతుంది.

భోగిపళ్ల పొట్లంలో చిల్లర నాణేలు పెట్టలేదు. అవి ఇంటి పెద్దవాళ్లు తమ చేత్తో కలిపితేనే బాగుంటుందని మాకనిపించింది.

ఒక క్షమాపణ కూడా ఉంది. కిందటేడు చెరకు అయిపోయాక కూడా మా యాప్ ఆర్డర్లు తీసుకుంది. భోగి సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాకోసం ఎదురుచూసిన ఇళ్లున్నాయి. తప్పు పూర్తిగా మాదే. ఇప్పుడు సరుకు ఎంత ఉందో అంతవరకే ఆర్డరు పడుతుంది.

'అమ్మానాన్నలకు' అన్నది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, కన్నవాళ్లు ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఉన్నవాళ్ల కోసం. డబ్బు మీరు కడతారు. సరుకులు తెచ్చే అబ్బాయి బయలుదేరే ముందు వాళ్లకు ఫోన్ చేసి, "ఏమైనా మార్చాలా అండీ?" అని అడుగుతాడు. వాళ్ల ఫోన్లో యాప్ ఉండక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. మా పేరు చెప్పి వాళ్లను ఓటీపీ అడిగేవాళ్లు మావాళ్లు కాదు.

యాప్ లోపలి బ్యానర్లు

రోజుకు ఒకటే, మరీ అవసరమైతే రెండు. పండగ మూడు రోజులూ నోటిఫికేషన్ మోత వద్దు, బ్యానర్ యాప్ తెరిచినవాళ్లకే కనిపించాలి.

*జనవరి 9 నుంచి, హోమ్ తెర పైన*

అరిసెలకు తడిపిండి, అనకాపల్లి బెల్లం.
పిండి పట్టిన పూటే మీ ఇంటికి.
బటన్: రోజు చెప్పండి
నొక్కాక: తడిపిండి నిలవ ఉండదు. పాకం పట్టే రోజునే ఎంచుకోండి.

*జనవరి 11, 12*

బస్సెక్కేశారా? పాలు ఆపారా?
బటన్: ఊరెళ్తున్నాం
రోజులు చెప్పాక: ఆపేశాం. మీరు వచ్చే రోజు ఉదయం నుంచి మళ్లీ వస్తాయి. క్షేమంగా వెళ్లి లాభంగా రండి.

(ఈ చివరి మాట తీసేయొద్దు. ఊరి పొలిమేరలో చదివే మాట ఫోన్లో కనిపిస్తే మనసుకు హాయిగా ఉంటుంది.)

*జనవరి 13, ఉదయం*

కనుమ నాడు మినుము తినాలి.
గారెల పప్పు తెప్పించుకున్నారా?
కింద చిన్న అక్షరాల్లో: పండగ సరుకులకు చివరి ఆర్డరు ఈ సాయంత్రం 6. రేపు మధ్యాహ్నం లోపు ఇస్తాం.

*జనవరి 13, చెరకు అయిపోతే వెంటనే*

చెరకు అయిపోయింది.
మిగతా పొట్లం ₹20 తక్కువకు ఉంది.
బటన్లు: అలాగే పంపండి / వద్దు

*జనవరి 14, భోగి, తెల్లవారుజామున*

భోగి మంటకు పిడకలు, ఎండు కర్రలు చాలు.
టైర్లు, ప్లాస్టిక్ వద్దు.
కింద: పాత కవర్లు పక్కన పెట్టండి, సరుకులు తెచ్చే అబ్బాయి పట్టుకెళ్తాడు.

దీనికి బటన్ లేదు, అమ్మకం లేదు. ఆ వేళప్పుడు ఎవరూ ఏదీ కొనరు, కొనమని అడగడమూ బాగోదు.

*జనవరి 14, సాయంత్రం 4 తర్వాత*

భోగిపళ్లు పోశారా?
నాణేలు, గింజలు వెంటనే ఏరేయండి. పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

*జనవరి 15, సంక్రాంతి*

మీ వాకిలి ముగ్గు చూపిస్తారా?
బటన్: ఫోటో పెట్టండి
నొక్కాక: సీతమ్మధార, గోపాలపట్నం, మధురవాడ... ఏ పేటవి ఆ పేట కింద కనిపిస్తాయి. మార్కులు లేవు, బహుమతులు లేవు. ఇంటి నంబరు, పిల్లల ముఖాలు పడకుండా తీయండి.

అదే రోజు మధ్యాహ్నం, పాలు తీసుకునేవాళ్లకు మాత్రం:

రేపటి పాలు ఈ సాయంత్రమే ఇస్తాం.
ఫ్రిజ్‌లో చోటు ఉంచండి.

*జనవరి 16, కనుమ, రోజంతా*

కనుమ నాడు కాకైనా కదలదు.
మావాళ్లు కూడా ఈరోజు ఇంటి దగ్గరే.
కింద: రేపు ఉదయం 6 నుంచి మళ్లీ వస్తాం.
ఈరోజు ఆర్డరు పెట్టబోతే వచ్చే మాట: మీ జాబితా దాచి ఉంచాం. రేపు ఒక్కసారి నొక్కితే చాలు.

సెలవు రోజుకు ఎక్కువ డబ్బులిచ్చి కొంతమందిచేత పని చేయిద్దామన్న మాట వచ్చింది. వద్దనుకున్నాం. పండగకు ఇంటికి వెళ్లాలని వాళ్లకూ ఉంటుంది, వాళ్ల ఊళ్లలోనూ వాళ్ల కోసం చూసేవాళ్లున్నారు.

*జనవరి 18, 'ఊరెళ్తున్నాం' నొక్కి ఆ రోజు వస్తామని చెప్పినవాళ్లకు*

ఇంటికి చేరారా? పాలు గుమ్మం దగ్గర ఉన్నాయి.
బటన్లు: చేరాం / ఇంకో రెండు రోజులు ఊళ్లోనే