సత్యవేడును చిత్తూరు జిల్లాలో చేర్చిన 1960 నాటి ఉత్తర్వు ప్రతి కోసం దరఖాస్తు

చెన్నై,
12 జూన్ 2025

పౌర సమాచార అధికారి గారికి,
జిల్లా కలెక్టర్ కార్యాలయం,
చిత్తూరు, ఆంధ్రప్రదేశ్.

విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. సత్యవేడును చెంగల్పట్టు జిల్లా నుంచి తప్పించి చిత్తూరు జిల్లాలో కలిపిన ఉత్తర్వు, దానికి సంబంధించిన కాగితాల ప్రతులు.

అయ్యా,

నమస్కారం. నేను చెన్నైలో ఉంటున్న స్వతంత్ర పాత్రికేయురాలిని. ఇక్కడ వెలువడే ఒక తెలుగు మాసపత్రిక కోసం సరిహద్దు ఊళ్ల గురించి వ్యాసాలు రాస్తున్నాను. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కరలేదని సెక్షన్ 6(2) అంటోంది. అయినా చెబుతున్నాను. అరవై ఐదేళ్ల నాటి కాగితాన్ని వెతికేవారికి అది ఏ కట్టలో ఉండవచ్చో ఊహించడానికి కాస్త ఆధారం దొరుకుతుందని నా ఆశ.

సత్యవేడు 1960 మార్చి 31 వరకు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం (1959లోని 56వ చట్టం) 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ రోజు నుంచి ఊరు చిత్తూరు జిల్లాది అయింది. అదే రోజున తిరుత్తణి మీ జిల్లా నుంచి అటు వెళ్లింది. దీని వెనుక హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఉంది. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఎక్కువమంది మాట్లాడే భాషనూ ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండటాన్నీ చూసి పంచారని చదివాను. తిరుత్తణి కోసం మ.పొ. శివజ్ఞానం నడిపిన ఉద్యమం గురించి ఇక్కడి తమిళ మిత్రులు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. మాకు వచ్చిన సత్యవేడు గురించి మన వైపు ఎవరూ అంతగా మాట్లాడరు. ఆ వెలితి పూడ్చాలన్నది నా వ్యాసం ఉద్దేశాలలో ఒకటి.

నాకు కావలసింది ఆ చట్టం కాదని ముందే మనవి చేస్తున్నాను. చట్టం నా దగ్గర ఉంది, దాని షెడ్యూళ్లూ చూశాను. పార్లమెంటు చేసిన చట్టం ఊళ్ల పేర్లు చెప్పి, అవి ఈ రాష్ట్రానివి అవుతాయని అంటుంది. కానీ మర్నాడు పొద్దున కరణం తన లెక్కలు ఏ తాలూకా కచేరికి పంపాలి, శిస్తు ఏ ఖజానాలో జమ కట్టాలి, జమాబందీకి ఎవరి ముందు హాజరు కావాలి అన్నవి కిందిస్థాయి ఉత్తర్వుతో తేలవలసిన విషయాలు. ఊరు నిజంగా జిల్లా మారేది ఆ కాగితంతోనే. రాష్ట్ర ప్రభుత్వ రెవెన్యూ శాఖ జీ.ఓ. కావచ్చు, గెజిట్ నోటిఫికేషన్ కావచ్చు, కలెక్టరు గారి ప్రొసీడింగ్స్ కావచ్చు. ఏ రూపంలో ఉన్నా నేను అడుగుతున్నది దాన్నే.

దీని మీద నాకు ఆసక్తి కలిగించినవి ఒక పాఠకుని ఇంట్లో చూసిన రెండు దస్తావేజులు. ఆయన పెరంబూరులో ఉంటారు, తాతల నాటి పొలం సత్యవేడు పక్కన ఉంది. మొదటి దస్తావేజు 1950ల నాటిది, తమిళంలో ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనుక పల్చటి కాగితం అతికించారు. ఊరి పేరు తర్వాత చెంగల్పట్టు జిల్లా అని ఉంది. రెండోది 1960 తర్వాత అదే పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు తెలుగులో రాయించుకున్నది. సర్వే నంబరు అదే, పడమట చెరువు కాలువ హద్దూ అదే, జిల్లా మాత్రం చిత్తూరు. ఎందుకు మారిందో చెప్పే వాక్యం ఒక్కటీ రెండింటిలోనూ లేదు. శ్రీసిటీ వచ్చాక ఆ చుట్టుపక్కల భూమి ధర పెరిగింది. ఇప్పుడు ఆ పొలం అమ్మబోతే, ఈ రెండు జిల్లాలకూ లంకె చూపించే కాగితం తెమ్మని కొనేవారి వకీలు అడుగుతున్నారట. అలాంటి కుటుంబాలు చెన్నైలో ఇంకా ఉన్నాయి. అందరూ వాళ్లకు తెలిసిన కథ చెబుతారు గానీ ఎవరి దగ్గరా ఉత్తర్వు నంబరు లేదు.

నంబరు తెలియకుండా ఉత్తర్వు అడగడం మీకు ఇబ్బందే. అందుకే నాకు తెలిసిన గుర్తులు రాస్తున్నాను. కాలం 1959 డిసెంబరు నుంచి 1961 చివరి వరకు. సంబంధించిన శాఖ రెవెన్యూ. ఆనాటి ఫైళ్లు ఇంగ్లీషులో ఉంటాయి కనుక సత్యవేడు పేరును పలు రకాలుగా రాసి ఉండవచ్చు. ఇండెక్సులో 'స' దగ్గర దొరకకపోతే సరిహద్దుల మార్పు, బదిలీ అయిన ప్రాంతాలు, చెంగల్పట్టు, తిరుత్తణి వంటి శీర్షికల కింద చూడమని కోరుతున్నాను. తిరుత్తణిని అప్పగించినప్పటి ఫైలులోనే సత్యవేడును స్వీకరించిన కాగితాలూ ఉండే అవకాశం ఉందని నా అనుమానం. ఇచ్చిపుచ్చుకోవడం ఒకే రోజున జరిగింది కదా. ఇలాంటి ఫైలును శాశ్వతంగా ఉంచవలసిన ఆర్.డిస్ కట్టల్లోనే చేర్చి ఉంటారని నమ్ముతున్నాను.

అందువల్ల దయచేసి ఈ కింది వాటి ధ్రువీకరించిన ప్రతులు ఇప్పించగలరు.

సత్యవేడునూ దానితో పాటు వచ్చిన గ్రామాలనూ చిత్తూరు జిల్లాలో, ఫలానా తాలూకాలో చేరుస్తూ వెలువడిన ఉత్తర్వు లేదా నోటిఫికేషన్, అనుబంధంగా ఉన్న గ్రామాల జాబితాతో సహా. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. మిగిలినవి దొరకడం ఆలస్యమైతే దీన్ని ముందుగా పంపండి.

దాన్ని జిల్లాలో అమలు చేస్తూ అప్పటి కలెక్టరు జారీ చేసిన ప్రొసీడింగ్స్.

చెంగల్పట్టు జిల్లా అధికారుల నుంచి గ్రామ లెక్కలు, ఎ-రిజిస్టర్లు, అడంగళ్లు, పటాలు స్వీకరించినట్టు చేసుకున్న అప్పగింత జాబితా. చెంగల్పట్టు జిల్లా అన్నా, అప్పట్లో కలెక్టరు కచేరి ఉన్నది సైదాపేటలో. అంటే ఇప్పుడు మేము మెట్రో ఎక్కి వెళ్లే చోటి నుంచే సత్యవేడు లెక్కలు చిత్తూరుకు బయలుదేరి ఉండాలి. వాటిలో ఏవి వచ్చాయో ఏవి రాలేదో ఈ జాబితా చెబుతుంది. భూమి తగాదాలు ఉన్నవారికి ఉత్తర్వు కంటే ఇదే ఎక్కువ పనికి రావచ్చు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సత్యవేడు చిత్తూరు నుంచి అక్కడికి మారింది. పై కాగితాలు ఆ సందర్భంగా మీ రికార్డు గది నుంచి తిరుపతికి వెళ్లి ఉంటే, వాటిని పంపిన జాబితాలో సంబంధించిన పేజీ చాలు. ఫైలు మీ దగ్గర లేదన్న కారణంతో ఈ దరఖాస్తును నాకు తిప్పి పంపవద్దని మాత్రం వేడుకుంటున్నాను. సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి, ఆ సంగతి నాకు తెలియజేయాలి. మరో ఊరి విషయమై గతంలో ఒక కార్యాలయానికి రాస్తే, 'ఆ ఊరు ప్రస్తుతం మా జిల్లాలో లేదు' అని ఒక్క వాక్యంతో జవాబు వచ్చింది. నేను అడిగిందే ఆ ఊరు ఆ జిల్లాలో ఎందుకు లేదని!

గడువు తీరిందని ఫైలును నాశనం చేసి ఉంటే, ఆ నమోదు ఉన్న రిజిస్టరు పేజీ ప్రతి ఇప్పించండి. 'రికార్డులు అందుబాటులో లేవు' అన్న మాటతో సరిపెట్టవద్దు. ఎక్కడెక్కడ వెతికారో, ఏ ఇండెక్సులు చూశారో రెండు ముక్కలు రాయండి. అది కూడా నా వ్యాసానికి సమాచారమే.

ఇందులో గోప్యం ఏదీ ఉండదనుకుంటున్నాను. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి సెక్షన్ 8(3) కింద చాలా మినహాయింపులు వర్తించవు. ఇవ్వకూడని భాగం ఏదైనా ఉందని మీకు తోస్తే, సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం వరకు తొలగించి మిగిలింది ఇవ్వవచ్చు.

పాత కాగితాలు పెళుసుబారి జెరాక్సు యంత్రానికి తట్టుకోవని నాకు తెలుసు. అలాంటప్పుడు ఫోటో తీసి ఇచ్చినా అభ్యంతరం లేదు. అదీ కుదరకపోతే సెక్షన్ 2(జె) కింద స్వయంగా వచ్చి చూసి రాసుకుంటాను. ఏ రోజు, ఏ సమయానికి రావాలో మీరే నిర్ణయించండి. చెన్నై నుంచి చిత్తూరుకు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి మీ రికార్డు గదిలో ఉంటాను. కట్టలు దించి దుమ్ము దులిపే సిబ్బందికి నా వల్ల పని పెరుగుతుంది. వారికి ముందుగానే కృతజ్ఞతలు.

దరఖాస్తు రుసుము 10 రూపాయలకు పోస్టల్ ఆర్డరు జతచేశాను. కోర్టు ఫీజు స్టాంపు అతికిద్దామంటే ఇక్కడ దొరికేవి తమిళనాడువి, మీకు చెల్లవు. ప్రతులకు అయ్యే ఖర్చు ఎంతో లెక్క వివరాలతో తెలియజేస్తే వెంటనే పంపుతాను. నేను భారత పౌరురాలిని. సెక్షన్ 7(1) ప్రకారం 30 రోజుల్లోగా జవాబు ఇప్పించగలరు. ఏ కారణంగానైనా నిరాకరిస్తే ఆ కారణమూ, మొదటి అప్పీలు వినే అధికారి హోదా, చిరునామా కూడా జవాబులోనే తెలపండి.

జవాబు తెలుగులో ఇచ్చినా ఇంగ్లీషులో ఇచ్చినా సమ్మతమే. ప్రతులు మాత్రం అసలు ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే కావాలి. సైదాపేట నుంచి వచ్చిన వాటిలో తమిళ కాగితాలు ఉంటే వాటినీ వదిలిపెట్టకుండా పంపండి, నేను చదువుకోగలను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. వసుంధర
స్వతంత్ర పాత్రికేయురాలు,
పెరంబూరు, చెన్నై - 600 011

జతపరచినవి: 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, యజమాని అనుమతితో, పేర్లు కనబడకుండా చేసిన రెండు దస్తావేజుల మొదటి పేజీల ప్రతులు, నా చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు.