పక్క స్థలంలో తవ్వకం, కూలిన ప్రహరీ గోడ: తేదీల వారీ వివరం

విశాఖపట్నం, 17-11-2025, సోమవారం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
ప్రజా సమస్యల పరిష్కార వేదిక, కలెక్టరేట్

అర్జీదారు: మాధవధార కొండవాలు, మూడో వీధి, 14వ ప్లాటు యజమాని. వయసు 67. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను.

అయ్యా,

పోయిన సోమవారం, 10వ తేదీన, మూడు పేజీల అర్జీ ఇచ్చాను. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి మొదటి పేజీ సగం చదివి, "తాతగారూ, ఇందులో ఏ రోజు ఏం జరిగిందో నాకే దొరకట్లేదు, పైన సార్‌కి ఎలా దొరుకుతుంది?" అంది. ఆ పూట కోపం వచ్చింది. ఇంటికెళ్లి మళ్లీ చదువుకుంటే నాకూ దొరకలేదు. దయచేసి ఆ అర్జీని పక్కన పెట్టి దీన్నే చూడండి. రసీదు నంబరు పాతదే ఉంచితే చాలు.

నేను అడిగేది ఒక్కటే. మా ఇంటి పునాదికీ కింది స్థలంలోని గోతి అంచుకీ మధ్య 15-11-2025 నాటికి 6 అడుగుల 2 అంగుళాల మట్టి మిగిలింది. అక్టోబరు 29న కొలిస్తే అది 7 అడుగులు. ఇంకో పెద్ద వాన పడేలోపు ఒక ఇంజినీరును, ప్లానింగ్ అధికారిని కలిపి పంపి చూపించండి. ఆ అంచుకు రాతి కట్టుబడి పడేదాకా కింద పని ఆపించండి.

గోడ నష్టపరిహారం ఈ అర్జీలో అడగడం లేదు. అది కోర్టులో తేలాల్సిన సంగతి.

కాగితాలున్న చోట వాటి నంబరు రాశాను. వెనక జత చేసిన కట్టలో పెన్సిల్‌తో అవే నంబర్లు వేసి ఉన్నాయి. కాగితం లేని చోట లేదనే రాశాను. తేదీల్లో చాలావరకు మా ఆవిడ గోడ క్యాలెండర్ నుంచి తీసినవి. పాలు, గ్యాస్ బండ, మందులు అన్నీ అందులోనే రాస్తుంది.

ముందు సంగతి: 1998లో ప్లాను తీసుకుని ఇల్లు కట్టాం (కాగితం 1). 2001లో కింది వైపు 42 అడుగుల పొడవున రాతి ప్రహరీ కట్టించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేడ మీద రేకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్టు పడిపోయింది, ఈ గోడ మాత్రం కదల్లేదు. గోడ పాతబడి దానంతటదే పడిందని కింది స్థలం వాళ్లు అంటున్నారు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది.

19-6-2025, గురువారం. కింది స్థలంలోకి ప్రొక్లెయినర్ దిగింది. టిప్పర్లు అడ్డంగా ఉండి గ్యాస్ బండి పైకి రాలేదని క్యాలెండర్‌లో ఉంది.

24-6-2025. గొయ్యి మా గోడకు 2 అడుగుల దూరం దాకా వచ్చింది. తాడుకు రాయి కట్టి దించితే సుమారు 11 అడుగుల లోతు. నిలువునా కోసేశారు, వాలు వదల్లేదు, చెక్కలతో గానీ ఇనుముతో గానీ ఆనిక పెట్టలేదు. ఫోటోలు రెండు (కాగితం 2).

2-7-2025. గోడలో తూర్పు చివర మొదటి పగులు. నా దగ్గర పాత ఫీలర్ గేజ్ ఉంది, దాంతో చూస్తే 2 మిల్లీమీటర్లు. పగులుకు రెండు పక్కలా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. ఆ తర్వాత రాసిన కొలతలన్నీ ఆ గీతల దగ్గర తీసినవే.

7-7-2025, సోమవారం. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను (రసీదు, కాగితం 3).

11-7-2025. సచివాలయం నుంచి ఒకరు వచ్చి చూశారు. కింద మేస్త్రీతో మాట్లాడారు, పని ఆగింది. రాసి ఏమీ ఇవ్వలేదు.

20-7-2025, ఆదివారం. రాత్రి 9 గంటలు దాటాక లైట్లు పెట్టి మళ్లీ తవ్వారు. వీడియో ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి కవరులో పెట్టాను (కాగితం 4). మధ్యలో ఆగింది మొత్తం తొమ్మిది రోజులు.

21-7-2025. ఈ వేదికలోనే మొదటి అర్జీ ఇచ్చాను (రసీదు, కాగితం 5).

13-8-2025. "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. వివరం అడిగితే, స్థల యజమానిని మౌఖికంగా హెచ్చరించాం అన్నారు (మెసేజ్ ప్రింటు, కాగితం 6). అదే రోజు పగులు 5 మిల్లీమీటర్లు. నా కోపమంతా ఈ రోజు నుంచే మొదలైంది. మూడు పేజీల అర్జీలో ఒకటిన్నర పేజీ ఈ ఒక్క మెసేజ్ గురించే రాశానని ఇప్పుడు లెక్కపెడితే తెలిసింది.

28-8-2025. వినాయక చవితి మర్నాడు. కింద సైటులో గొడవ జరిగింది. నేను నోరు జారాను, ఒక మాట అనకూడనిది అన్నాను. చెయ్యి మాత్రం ఎవరి మీదా పడలేదు. వాళ్లు నా మీద ఫిర్యాదు ఇస్తే ఇది అందులో ఉంటుంది, అందుకని ముందు నా నోటి నుంచే వినండి.

8-9-2025. కింది స్థలానికి అనుమతించిన ప్లాను నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను, పది రూపాయల రుసుముతో (కాగితం 7). చట్టం ప్రకారం ముప్పై రోజుల గడువు అక్టోబరు 8తో అయిపోయింది. జవాబు రాలేదు. అక్టోబరు 15న మొదటి అప్పీలు వేశాను (కాగితం 8). ఈ రోజు వరకు దానికీ రాలేదు.

22-9-2025. పాత అర్జీని మళ్లీ తెరవమని కోరాను (కాగితం 9). పగులు 8 మిల్లీమీటర్లు.

6-10-2025. కింది వాళ్లకు నోటీసు ఇచ్చామని కార్యాలయంలో నోటిమాటగా చెప్పారు. నకలు అడిగితే పార్టీకి తప్ప ఇవ్వం అన్నారు. కాబట్టి నోటీసు నిజంగా వెళ్లిందో లేదో నేను చెప్పలేను. మీరు ఫైలు తెప్పించుకుంటే ఒక్క నిమిషంలో తేలుతుంది.

28-10-2025, మంగళవారం. మొంథా తుఫాను రాత్రి. ముందు రోజు నుంచే వాన. సాయంత్రం 5 గంటలకు గొడుగు పట్టుకుని కొలిస్తే పగులు 11 మిల్లీమీటర్లు, పెన్సిల్ గీతలు ఒకదానికొకటి అందకుండా కిందకీ పైకీ జరిగిపోయాయి. అంటే గోడ విచ్చుకోవడమే కాదు, దిగుతోంది కూడా. మా ఆవిడనీ మనవరాలినీ వీధి వైపు గదిలోకి మార్చాను. రాత్రి 11.40కి చప్పుడైంది. ముందు కంకర లారీ దింపినట్టు, తర్వాత నీళ్లలో బండరాయి పడినట్టు. 42 అడుగుల గోడలో 26 అడుగులు గోతిలోకి వెళ్లిపోయింది. దాని వెంట పెరట్లో మట్టి, తులసికోట, సెప్టిక్ ట్యాంకు పక్కనున్న గట్టు. ట్యాంకుకు ఒక పక్క ఇప్పుడు బయటికి కనిపిస్తోంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

29-10-2025. ఉదయం తీసిన ఫోటోలు ఆరు (కాగితం 10). సచివాలయం నుంచి వచ్చి నష్టం రాసుకుని వెళ్లారు. వాళ్లు తుఫాను నష్టం కింద రాసుకున్నారని విన్నాను, నకలు నా దగ్గర లేదు. తుఫాను వల్లే పడిందా అంటే, వాన లేకపోతే ఆ రాత్రి పడేది కాదు, నిజమే. కానీ జూలై 2న పగులు వచ్చినప్పుడు తుఫాను లేదు. మా వీధిలో ఇదే వాలు మీద ఇలాంటి రాతి గోడలు ఇంకో నాలుగున్నాయి, వాటి కింద ఎవరూ తవ్వలేదు, అవి నిలబడే ఉన్నాయి. తనిఖీకి వచ్చే అధికారి వాటిని కూడా చూడాలని నా మనవి.

31-10-2025. అంచుకు నా ఖర్చుతో ఇసుక బస్తాలు, టార్పాలిన్ వేయించాను. 9,200 రూపాయలు అయింది (బిల్లు, కాగితం 11). కొండ ఎర్రమట్టి తడిస్తే ముద్దలా జారుతుంది, ఎండితే బీటలు వారుతుంది. బస్తాలు ఎన్నాళ్లు ఆపుతాయో మేస్త్రీ కూడా చెప్పలేకపోయాడు.

3-11-2025. గోతిలో నీళ్లు మోటారు పెట్టి తోడి, పిల్లర్లకు ఇనుము కట్టడం మొదలుపెట్టారు. మా వైపు అంచుకు ఏమీ చేయలేదు. ఫోటో (కాగితం 12).

10-11-2025. మూడు పేజీల అర్జీ.

15-11-2025. పైన రాసిన 6 అడుగుల 2 అంగుళాలు. టేపు పట్టుకున్నప్పుడు పక్కింటాయన ఉన్నారు, ఆయన సంతకం కొలతల కాగితం మీద ఉంది (కాగితం 13).

మూడు పేజీల అర్జీలో రాసినవి కొన్ని ఇందులో లేవు, కావాలనే తీసేశాను. డబ్బు చేతులు మారిందని రాశాను. నేను చూడలేదు, టీ కొట్టు దగ్గర విన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. స్థల యజమాని ఎవరి బంధువో రాశాను. మట్టి జారడానికీ ఆ చుట్టరికానికీ సంబంధం లేదు. ముప్పై ఐదేళ్ల నా ఉద్యోగం గురించి, మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉండి రాలేకపోవడం గురించి రాసినవి కూడా మీకు అక్కర్లేదు.

పిల్లర్లు లేచి స్లాబు పడితే ఆ అంచు దగ్గరికి యంత్రం వెళ్లే దారి ఉండదని, తర్వాత కట్టుబడి కట్టాలన్నా చేత్తో రాళ్లు మోయాల్సిందేనని మేస్త్రీ అంటున్నాడు. ఇనుము కట్టే పని చూస్తే మొదటి కాంక్రీటు పది రోజుల్లో పడేలా ఉంది. అందుకే వచ్చే సోమవారం దాకా ఆగకుండా ఈ వారంలోనే పంపమని అడుగుతున్నాను.

తనిఖీకి వచ్చేవారికి: జీపు కింది వీధి దాకా వస్తుంది, అక్కడి నుంచి 60 మెట్లు. పై నుంచి చూస్తే గొయ్యి కనిపిస్తుంది గానీ అంచు కింద ఎంత తొలుచుకుపోయిందో కనిపించదు, అది కింది స్థలంలోకి దిగి చూడాలి. నన్ను లోపలికి రానివ్వరు, అధికారిని ఆపలేరు. నేను రోజూ ఇంట్లోనే ఉంటాను. టేపు, ఫీలర్ గేజ్, క్యాలెండర్ మూడూ వరండాలో బల్ల మీద ఉంచాను.

ఇట్లు,
14వ ప్లాటు అర్జీదారు
(సంతకం)
పేరు, ఫోను నంబరు 10-11-2025 నాటి రసీదులో ఉన్నవే.
జతపరిచినవి: కాగితాలు 1 నుంచి 13 వరకు, పెన్‌డ్రైవ్ ఒకటి.