మావయ్యా, మీ రెండు డాప్లర్ రిపోర్టులూ చదివాను

మావయ్యా, అమ్మ పంపిన ఫొటోలు చూశాను. కాలి, మెడ రక్తనాళాల స్కాన్ రిపోర్టులు రెండూ రెండేసి సార్లు చదివాను. ఫోన్లో చెబితే టెన్షన్‌లో సగం చెవికెక్కదు, అందుకే రాస్తున్నాను. అత్తని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చదవండి, ఈ రాత్రికే అంతా అర్థం కావాలని ఏం లేదు.

స్కాన్ సెంటర్ కౌంటర్ దగ్గర ఎవరో "నరం బ్లాక్ అయింది, గడ్డ ఉంది" అన్నారట కదా. ఆ రెండు మాటలే మిమ్మల్ని నిద్రపోనివ్వలేదని అమ్మ చెప్పింది. మనం ధమనిని, సిరని, నాడిని అన్నిటినీ నరమే అంటాం. గడ్డ అనగానే క్యాన్సర్ గుర్తొస్తుంది. మీ కాల్లో ఉన్నది అలాంటి గడ్డ కాదు, సిరలో పేరుకుని బిగిసిన రక్తం. మెడలో అసలు గడ్డే లేదు, అక్కడ ధమని గోడకి పాచిలా కొవ్వు పట్టి దారి ఇరుకైంది. ఒకే రోజు ఒకే కవర్లో వచ్చాయి కాబట్టి రెండూ ఒకే జబ్బనుకున్నారు, కానీ ఇవి వేర్వేరు. కాలిది ఈ మూడు నెలల పని, మెడది ఇక ఎప్పటికీ కనిపెట్టుకుని ఉండాల్సిన పని.

కాలి సంగతే ముందు చెబుతాను, తొందర దానిదే. మోకాలి ఆపరేషన్ అయి ఇది ఇరవై రెండో రోజు, ఎడమ పిక్క కుడిదానికంటే 3 సెంటీమీటర్లు లావుగా ఉందని కొలిచి రాశారు. స్కాన్ చేసేటప్పుడు జెల్లీ రాసి గజ్జ నుంచి మోకాలి వెనక వరకు అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్లారు చూడండి, నొప్పిగా ఉందని మీరు విసుక్కున్నారట కూడా. అసలు పరీక్ష ఆ నొక్కడమే. సిర గోడ మెత్తన, ఖాళీగా ఉంటే ప్రోబ్ నొక్కగానే స్క్రీన్ మీద రెండు గోడలూ కలిసిపోయి సన్నని గీతలా కనబడుతుంది. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే ఎంత నొక్కినా గుండ్రంగానే ఉంటుంది. నా స్కాన్ డ్యూటీలో రోజూ ఆ గుండ్రాన్ని చూస్తూనే ఉంటాను, మీ రిపోర్టులో "నాన్ కంప్రెసిబుల్" అన్న మాట చదివినప్పుడు నాకూ కాసేపు గుండె బరువెక్కింది.

మీ మోకాలి వెనక ఉన్న పాప్లిటియల్ సిరలో, అక్కడి నుంచి తొడ కింది భాగం దాకా గడ్డ ఉంది. సిర ఉబ్బి ఉంది, గడ్డ స్క్రీన్ మీద నల్లగా కనబడింది అని రాశారు, అంటే ఇది కొత్తది. పాతదైతే కుంచించుకుపోయి, తెల్లగా, గోడకి అతుక్కుని కనబడేది. గజ్జ దగ్గర ఉన్న కామన్ ఫెమొరల్ సిర మాత్రం చక్కగా నొక్కుకుపోతోంది, ఊపిరితో పాటు రక్తం కదలిక మారుతోంది అని ఉంది. అంటే గడ్డ అక్కడిదాకా పాకలేదు. ఇది మంచి మాట, పట్టుకోండి.

ఇంకొకటి. రిపోర్టులో "సూపర్‌ఫిషియల్ ఫెమొరల్ వెయిన్" అని చదివి, మీ కాలనీలో ఎవరో "పైపై సిరే కదా, ఏం కాదు" అన్నారట. ఆ పేరు చాలామందిని మోసం చేస్తుంది మావయ్యా. పేరులో సూపర్‌ఫిషియల్ ఉన్నా అది తొడలో లోతుగా ఉండే లోపలి సిరే, అందులో గడ్డ ఉంటే లోపలి సిర గడ్డ కిందే లెక్క. ఈ గందరగోళం వల్లే ఇప్పుడు చాలామంది ఉత్త ఫెమొరల్ సిర అని రాస్తున్నారు. డాక్టరు గారు రాసిన మందు ఒక్క పూట కూడా ఆపకండి. ఆ మందు గడ్డని కరిగించదు, పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది. కరిగించే పని ఒంటిదే, దానికి నెలలు పడుతుంది. ఆపరేషన్ తర్వాత వచ్చిన గడ్డకి మామూలుగా కనీసం మూడు నెలలు వాడిస్తారు.

కాలికి నూనె మర్దన వద్దు. అత్త ప్రేమగా నువ్వుల నూనె వేడి చేసినా సరే, వద్దు. ఆపరేషన్ నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్రలు కూడా అడగకుండా వేసుకోకండి, రక్తం పల్చబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అవ్వొచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చెప్పాలి.

గడ్డ ముక్క విరిగితే మెడకి పోతుందా అని అడిగారట. పోదు. కాలి సిరలోని రక్తం గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి వెళుతుంది, ముక్క చిక్కుకునేది అక్కడ. అందుకే ఒక్కసారిగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా నా ఫోన్ కోసం చూడకండి, అర్ధరాత్రైనా 108కి చేయండి.

ఇక మెడ. డాక్టరు గారు స్టెతస్కోప్ పెడితే చప్పుడు వినబడిందనే ఈ స్కాన్ రాశారు. మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని కుడి ఇంటర్నల్ కరోటిడ్, అందులో రక్తం వేగం సెకనుకి 168 సెంటీమీటర్లు, దానికి కింద ఉన్న కామన్ కరోటిడ్‌లో 70, నిష్పత్తి 2.4 అని ఉంది. మొక్కలకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా, అలాగే ఇరుకు పెరిగితే వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని బట్టే ఇరుకెంతో అంచనా వేస్తాం. 2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న లెక్క ప్రకారం 125 నుంచి 230 మధ్య ఉంటే 50 నుంచి 69 శాతం ఇరుకు, 230 దాటితే 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ. మీది మధ్య గీతలో ఉంది. 69 శాతం మూసుకుపోయిందని ఎవరికీ చెప్పుకోకండి, అది స్కేలు పెట్టి కొలిచిన అంకె కాదు. మరో చోట చేయిస్తే 150 రావచ్చు, 180 రావచ్చు.

మీకు ఇప్పటివరకు మూతి వంకర పోలేదు, చెయ్యి పడలేదు, మాట తడబడలేదు. అలాంటప్పుడు ఇంత ఇరుక్కి సాధారణంగా ఆపరేషన్ అనరు, మందులతోనే నడిపిస్తారు. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ, పదిహేనేళ్ల షుగర్ అదుపు, ఆపై చుట్ట. చుట్ట మాత్రం మానాలి మావయ్యా, ఇది బతిమాలి అడుగుతున్నాను. ఆస్పిరిన్ కాలి మందుతో కలిపి వాడాలా, ఆ మూడు నెలలయ్యాక మొదలుపెట్టాలా అన్నది డాక్టరు గారు తేల్చాలి, నేను కాదు.

ఎడమ చెయ్యో కాలో మొద్దుబారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, కుడి కంటికి తెర దించినట్టు చీకటి కమ్మినా, అది ఐదు నిమిషాల్లో సర్దుకున్నా సరే, తగ్గిపోయిందిలే అని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలా ఒక్కసారి జరిగితే ఇదే ఇరుకుకి ఆపరేషన్ లెక్క కూడా మారిపోతుంది.

శనివారం మధ్యాహ్నం మహారాణిపేటలో డ్యూటీ అయ్యాక గాజువాక వస్తాను. ఆపరేషన్‌కి ముందు చేసిన రక్త పరీక్షలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ఈ రెండు స్కాన్ల ఫిల్ములూ ఒక సంచిలో పెట్టి ఉంచమని అత్తకి చెప్పండి. సోమవారం డాక్టరు గారి దగ్గరికి నేనూ వస్తాను. అప్పటిదాకా ఇంట్లోనే మెల్లగా నడుస్తూ ఉండండి, మందు మొదలయ్యాక నడవడం తప్పు కాదు. కూర్చున్నప్పుడు కాలు స్టూల్ మీద ఎత్తుగా పెట్టుకోండి.